వినమన్నారా, రాయమన్నారా?

మూడో తరగతి చదివే మా పాప మొన్న లిజనింగ్ టెస్టు పేపరు తెచ్చింది. పదికి మూడు. కింద ఎర్ర సిరాతో "శ్రద్ధగా వినడం లేదు" అని ఒక ముక్క. నాకు చురుక్కుమంది. వంటింట్లో అత్తయ్యా నేనూ గుసగుసగా మాట్లాడుకున్నదంతా హాల్లోంచి విని అప్పజెప్పే పిల్ల ఇది. దీనికి వినడం రాదా?

పేపరు వెనక నోట్సు రాసుకోమని ఇచ్చిన ఖాళీ జాగా చూశాక అసలు సంగతి తెలిసింది. మొదటి వాక్యం గుండ్రంగా, ఫుల్‌స్టాప్‌తో సహా ఉంది. రెండోది సగం. ఆ తర్వాత ఏమీ లేదు. "నేను రెండో లైను రాస్తుంటే మేడం ఐదో లైనుకెళ్లిపోయారమ్మా" అంది. పాపం, నోట్సు అంటే డిక్టేషన్ అనుకుంది. ఎనిమిదేళ్ల చెయ్యి ఒక మాట రాసేలోపు చదివేవాళ్లు పది మాటలు దాటిపోతారు. పైగా స్పెల్లింగు బెంగ ఒకటి. చెయ్యి పనిలో ఉంటే చెవి మూసుకుపోతుంది.

లోపం చెవిలో ఉందా, పెన్సిల్లో ఉందా, ఇంగ్లీషులో ఉందా అని తేల్చుకోవడానికి ఆదివారం నేనే తెలుగులో ఒక ముక్క రాసి చదివాను.

"వానాకాలం రాగానే మగ గిజిగాడు గూడు మొదలుపెడుతుంది. గడ్డి, తాటాకుల నుంచి సన్నటి పీచులు చీల్చి తెచ్చి అల్లుతుంది. గూడు సగం అయ్యాక రెక్కలాడిస్తూ ఆడపక్షిని పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి గూడంతా చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే మగపక్షి ఇంకో గూడు మొదలుపెడుతుంది. గూటికి దారి కింద గొట్టంలా ఉంటుంది. చాలా గూళ్లు నీళ్ల మీదికి వంగిన కొమ్మలకు వేలాడతాయి."

మొదటిసారి చదివినప్పుడు పెన్సిలు పట్టుకోనివ్వలేదు. ఊరికే వినమన్నాను. రెండోసారికి కాగితం మీద మూడు గడులు గీసిచ్చాను: ఎవరు, ఏం చేశారు, చివరికి ఏమైంది. గడికి ఒకటి రెండు మాటలే రాయాలి, లేదా బొమ్మ వేయాలి. తప్పులున్నా ఫరవాలేదు. అది "మగ" అని రాసి, సగం గూడు గీసి, పక్కన ఒక టిక్కు, ఒక ఇంటూ, కింద ఒక గొట్టం వేసింది. అంతే, దాని నోట్సు అయిపోయింది. ప్రశ్నలకు ముందు ఆ కాగితం చూస్తూ కథ చెప్పమంటే గడగడా చెప్పేసింది.

ప్రశ్నలు తయారుచేయడం మాత్రం నేననుకున్నంత తేలిక కాలేదు. "గూడు దేనితో కడుతుంది?" అని నేనడగ్గానే, ముక్క విననే వినని అత్తయ్య వంటింట్లోంచి "గడ్డితో!" అన్నారు. వినకపోయినా జవాబు చెప్పగలిగితే అది వినికిడి ప్రశ్న ఎలా అవుతుంది? దాన్ని కొట్టేశాను. "గూడు ఎంతవరకు అయ్యాక ఆడపక్షి వస్తుంది?", "నచ్చకపోతే ఏమవుతుంది?" ఈ రెండింటికీ విన్నవాళ్లే చెప్పగలరు. ఆఖరిది మాత్రం ముక్కలో లేని జవాబు: "నీళ్ల మీద ఎందుకు వేలాడదీస్తుంది?" కాసేపు గొట్టం బొమ్మ వైపు చూసి, "పామొస్తే జారి నీళ్లలో పడిపోతుందిగా!" అంది. అక్కడే తెలిసింది నాకు, పిల్ల వినడమే కాదు, ఆలోచిస్తోంది కూడా అని.

వారం తర్వాత ఇంగ్లీషులో అదే పద్ధతిలో ఇంకో ముక్క చదివాను. నోటితో నాలుగింటికి మూడు చెప్పింది. రాయమంటే రెండే రాసింది. అంటే లోపం కొంచెం భాషలో, ఎక్కువగా పెన్సిల్లో. శ్రద్ధలో కాదు.

అందుకే నా మాట ఇది. మూడో తరగతిలో ముక్కను రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిళ్లు బల్ల మీదే ఉండాలి. నోట్సుకు మార్కులు వేయకూడదు, అది పిల్ల తన కోసం వేసుకునే గుర్తు. జవాబుల్లో స్పెల్లింగుకు మార్కులు కోస్తే అది వినికిడి పరీక్ష కాదు, రాత పరీక్ష. నోట్సు అన్నింటికీ అక్కర్లేదు కూడా. కథ గుర్తుంటుంది. పేర్లు, అంకెలు, ఏది ముందు ఏది వెనక అన్నవే జారిపోతాయి, వాటికే గుర్తు పెట్టుకోవడం నేర్పితే ఈ వయసుకు చాలు.

మీ పిల్లల పేపరు మీదా ఇలాంటి ఎర్ర సిరా కనబడితే, కేకలేసే ముందు వెనక్కి తిప్పి ఆ ఖాళీ జాగా చూడండి. తర్వాత అవే ప్రశ్నలు నోటితో అడగండి. నేను ఆ రెండు కాగితాలూ పట్టుకుని పేరెంట్స్ మీటింగుకు వెళ్తున్నాను. "శ్రద్ధ లేదు" అన్న మాట కొట్టేయమని అడగడానికి.