తెరపై రిమాండ్ పేషీ: 60వ రోజు లెక్క ఎవరు చూడాలి?

నాంపల్లి క్రిమినల్ కోర్టులకు, చంచల్‌గూడ జైలుకు మధ్యలోనే చాదర్‌ఘాట్ ఉంది. ఒకప్పుడు ప్రతి పేషీకీ ఖైదీల వ్యాన్ జైలు నుంచి కోర్టుకు వచ్చేది. కోర్టు వరండాలో తల్లి కొడుకును చూసేది, వకీలు రెండు మాటలు మాట్లాడేవాడు. రిమాండ్ పొడిగింపు వీడియో కాన్ఫరెన్స్‌లో జరిగితే ఆ అవకాశం ఉండదు. ఎస్కార్ట్ పోలీసులు లేరని పేషీ వాయిదా పడే బాధ తప్పింది నిజమే. కానీ పోయింది కూడా చిన్నది కాదు.

చట్టం ఏం చెబుతోంది? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 187వ సెక్షన్ ప్రకారం, పోలీస్ కస్టడీ కావాలంటే నిందితుణ్ణి ప్రతిసారీ మెజిస్ట్రేట్ ముందు స్వయంగా నిలబెట్టాలి. ఆ తర్వాత జ్యుడీషియల్ కస్టడీ పొడిగింపుకు మాత్రం వీడియో చాలు. ఒక్కసారికి 15 రోజులకు మించి రిమాండ్ ఇవ్వకూడదు.

అసలు చిక్కు ఇక్కడే. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జ్‌షీట్ రాకపోతే జమానత్ అడిగే హక్కు వస్తుంది. మొదటి రిమాండ్ రోజునూ లెక్కలో కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఉదాహరణకు 60 రోజుల కేసులో మార్చి 1న రిమాండ్ అయితే ఏప్రిల్ 29తో గడువు తీరుతుంది. 30న దరఖాస్తు వేయొచ్చు. ఆలోపు ఛార్జ్‌షీట్ పడిపోతే ఆ హక్కు పోయినట్టే. తెర మీద నిమిషంలో ముగిసే పేషీలో ఈ లెక్క నిందితుడికి ఎవరు చెబుతారు?

2022లో జిగర్ అదాతియా కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. దర్యాప్తు గడువు పెంచమని ప్రాసిక్యూటర్ అడిగినప్పుడు, నిందితుడు స్వయంగానో వీడియోలోనో హాజరు కావాలి, విషయం అతనికి తెలియాలి. అలా జరగకపోతే అది 21వ అధికరణానికి విరుద్ధం. అంటే తెర మీద ముఖం కనిపిస్తే సరిపోదు, సంగతి అతనికి చెప్పాలి.

ఇంకో లోపం దెబ్బల విషయంలో. కెమెరా ముఖం వరకే చూపిస్తుంది, పక్కన జైలు సిబ్బంది ఉంటారు. అలాంటప్పుడు నోరు విప్పడం కష్టం. కస్టడీలో కొట్టారని అనుమానముంటే, నిందితుణ్ణి స్వయంగా హాజరుపరచమని, వైద్య పరీక్ష చేయించమని వకీలు పిటిషన్ వేయాలి.

సాక్షి వీడియోలో చెప్పే సాక్ష్యం చెల్లుతుందని 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో తీర్పు వచ్చింది. కానీ కెమెరా వెనక నుంచి ఎవరైనా జవాబు అందిస్తే కోర్టుకు కనిపించదు. సాక్షి చూపు మాటిమాటికీ పక్కకు పోతుంటే, గది మొత్తం చూపించమని డిఫెన్స్ వకీలు అప్పుడే అడగాలి, ఆ మాట రికార్డులోకి ఎక్కించాలి.

ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. మొదటి రిమాండ్ తారీఖు రాసిపెట్టుకోవాలి. ప్రతి పేషీ తర్వాత ఎన్నో రోజు నడుస్తోందో వకీలును అడగాలి, ములాఖత్‌లో లోపలున్నవాడికి చెప్పాలి.