కార్డు లేకుండా ఏటీఎం నగదు: అక్కరకొచ్చేది ఎప్పుడు?

ఏటీఎం తెరపై కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌లోని యూపీఐ యాప్‌తో స్కాన్ చేసి, యూపీఐ పిన్ కొట్టి నగదు తీసుకునే సదుపాయం ఇప్పుడు అనేక బ్యాంకుల్లో ఉంది. డెబిట్ కార్డుతో పని లేదు, ఏటీఎం పిన్ అడగదు. యంత్రం తెరపై ఇది ‘UPI Cash Withdrawal’, ‘Cardless Cash’ వంటి పేర్లతో కనిపిస్తుంది. పేరు ఏదైనా, ఖాతా ఒక బ్యాంకుది, ఏటీఎం ఇంకో బ్యాంకుది, యాప్ మరో సంస్థది అయినా పని జరగడమే దీని ప్రత్యేకత.

కార్డు లేకుండా డబ్బు తీసుకోవడం మాత్రం ఈ సదుపాయం రాకముందే మొదలైంది. ఐసీఐసీఐ బ్యాంకు 2014లో, స్టేట్ బ్యాంకు 2019లో ‘యోనో క్యాష్’ పేరుతో ఇలాంటి ఏర్పాట్లు తెచ్చాయి. ఖాతాదారు ముందుగా బ్యాంకు యాప్‌లో ఎంత కావాలో నమోదు చేస్తే ఫోన్‌కు ఒక సంఖ్య వస్తుంది. దాన్ని ఏటీఎంలో కొట్టి డబ్బు తీసుకోవాలి. అయితే ఏ బ్యాంకు యాప్‌తో కోరితే ఆ బ్యాంకు ఏటీఎంకే వెళ్లాలి. ఈ అడ్డు తొలగించాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 8న ద్రవ్య విధాన ప్రకటనలో చెప్పి, మే 19న ఉత్తర్వులిచ్చింది. కార్డు వివరాలను దొంగచాటుగా చదివి నకిలీ కార్డులు చేయడం, యంత్రాలకు దొంగ పరికరాలు తగిలించడం వంటి మోసాలను తగ్గించడం అందుకు చూపిన కారణాల్లో ఒకటి.

తెర ముందు, తెర వెనుక

ఏటీఎం తెరపై యూపీఐ నగదు మీట నొక్కి, కావాల్సిన మొత్తం ఎంచుకోవాలి. అప్పుడు ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే క్యూఆర్ కోడ్ తెరపై పడుతుంది. అది కొద్దిసేపే ఉంటుంది కాబట్టి ఫోన్ తాళం తీసి, యాప్ తెరిచి సిద్ధంగా ఉంచుకోవడం మేలు. స్కాన్ చేయగానే ఎంచుకున్న మొత్తం యాప్‌లో దానంతటదే వస్తుంది. ఒకటికి మించి ఖాతాలు జోడించి ఉంటే ఏ ఖాతా నుంచి తీయాలో చూసుకుని, ఫోన్‌లోనే పిన్ కొట్టాలి. బ్యాంకు ఆమోదం ఏటీఎంకు చేరాక నోట్లు బయటికి వస్తాయి.

ఇందులో యూపీఐ చేసేది ఒక్కటే పని: డబ్బు అడుగుతున్నది ఖాతాదారేనని నిర్ధారించడం. కార్డు, ఏటీఎం పిన్ కలిసి చేసే పనిని ఇక్కడ ఫోన్, యూపీఐ పిన్ చేస్తున్నాయి. ఆ తర్వాత బ్యాంకుల మధ్య లెక్కలు తేలేది ఏటీఎంల పాత వ్యవస్థలోనే. దేశంలోని ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ 2004లో నెలకొల్పింది. 2009 నుంచి దాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడుపుతోంది. 2016లో యూపీఐని తెచ్చిందీ ఆ సంస్థే.

గుర్తింపు కొత్తది, మిగతా యంత్రాంగం పాతది కావడం వల్ల ఈ సదుపాయానికి రెండు వైపుల నిబంధనలూ వర్తిస్తాయి. ఎంత తీయవచ్చన్నది యూపీఐ పరిమితులను బట్టి ఉంటుంది. రుసుములు, విఫలమైన లావాదేవీలకు పరిహారం మాత్రం ఏటీఎం నిబంధనల ప్రకారమే. ఎప్పుడు అక్కరకొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి రెండూ దీన్నుంచే తేలతాయి.

ఎవరికి, ఎప్పుడు?

దుకాణంలో యూపీఐతోనే చెల్లించే వీలుంటే నగదు తీయాల్సిన పనే లేదు. నగదు తప్పనిసరై, కార్డు చేతిలో లేనప్పుడే దీని అసలు ఉపయోగం. కార్డు ఇంట్లో మరిచిపోయినా, గడువు తీరి కొత్తది తపాలాలో రావాల్సి ఉన్నా, యంత్రంలో ఇరుక్కుపోయినా ఇది పనిచేస్తుంది. కార్డు పోతే వెంటనే బ్లాక్ చేయించాలి. అలా చేసినా యూపీఐ ఆగదు, ఎందుకంటే యాప్ జతపడి ఉండేది కార్డుతో కాదు, ఖాతాతో.

డెబిట్ కార్డు అసలే తీసుకోనివారికీ ఇది పనికొస్తుంది. ఒకప్పుడు యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ తప్పనిసరిగా ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఆధార్ ఓటీపీతోనూ పెట్టుకోవచ్చు. దానికి ఖాతాకు, ఆధార్‌కు ఒకే మొబైల్ నంబరు అనుసంధానమై ఉండాలి. ఏటా కార్డు రుసుము ఎందుకని వద్దనుకున్న చిన్న ఖాతాదారు కూడా ఇలా ఏటీఎంను వాడుకోవచ్చు.

మూడో ఉపయోగం భద్రత. జనసంచారం లేని చోట, కాపలా లేని ఏటీఎంలో కార్డు పెట్టే చోటు వదులుగా, అతికించినట్లు కనిపిస్తే అక్కడ కార్డు వాడకపోవడమే మంచిది. యూపీఐ పద్ధతిలో కార్డు బయటికి రాదు, యంత్రం మీటలపై పిన్ కొట్టే పనీ ఉండదు. కాబట్టి దొంగ పరికరానికి, రహస్య కెమెరాకు చిక్కేది ఏమీ లేదు.

పరిమితులు: ఒక లెక్క

యూపీఐతో ఒక్కో లావాదేవీలో గరిష్ఠంగా రూ.10,000 తీయవచ్చు. ఇది రోజువారీ యూపీఐ పరిమితిలో భాగమే. ఆ పరిమితి సాధారణంగా లక్ష రూపాయలు. పైగా ఒక్కో బ్యాంకు తన సొంత హద్దు పెట్టుకోవచ్చు. బ్యాంక్ ఆఫ్ బరోడా 2023లో ఈ సేవ ప్రారంభించినప్పుడు లావాదేవీకి రూ.5,000, రోజుకు రెండు లావాదేవీలు అని నిర్ణయించింది.

ఈ హద్దులు కలిసి ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణలో చూడవచ్చు. గుంటూరు నుంచి సరకు కొనడానికి హైదరాబాద్ వచ్చిన ఒక చిరువ్యాపారి పర్సు బస్సులో పోయింది. కార్డు బ్లాక్ చేయించాడు. అప్పటికే పొద్దున సరకు ఇచ్చినవారికి యూపీఐలో రూ.93,000 పంపాడు. హమాలీలకు, లారీకి ఇవ్వడానికి రూ.10,000 నగదు కావాలి. ఏటీఎంలో రూ.10,000 ఎంచుకుని స్కాన్ చేస్తే తిరస్కరణ ఎదురవుతుంది. ఖాతాలో డబ్బున్నా, ఆ రోజు లక్షలో మిగిలింది రూ.7,000 మాత్రమే. తెరపై వచ్చే క్లుప్త సందేశం చూసి యంత్రం చెడిపోయిందనుకుని పక్క ఏటీఎంకు వెళ్లినా ఫలితం మారదు. రూ.7,000 ఎంచుకుంటే పని జరుగుతుంది. అతని బ్యాంకు లావాదేవీకి రూ.5,000 హద్దు పెట్టి ఉంటే, ముందు రూ.5,000, తర్వాత రూ.2,000 అని రెండుసార్లు తీయాలి.

ఆ రెండూ రెండు ఏటీఎం లావాదేవీల కిందే లెక్క. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు ఉచితంగా జరపగలిగేవి హైదరాబాద్ వంటి ఆరు మెట్రో నగరాల్లో మూడు, మిగతా చోట్ల ఐదు. సొంత బ్యాంకు ఏటీఎంలలో ఎక్కడైనా ఐదు. అవి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.23, దానిపై పన్ను వసూలు చేయవచ్చు. కార్డు వాడలేదు కదా అని ఈ రుసుము తప్పదు. మరోవైపు, యూపీఐ పేరు చెప్పి అదనంగా ఇంకో రుసుము వేయడానికీ వీల్లేదు.

కొన్ని పరిస్థితుల్లో ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఖాతా ఉన్న బ్యాంకు, వాడే యాప్, ఎదురుగా ఉన్న ఏటీఎం మూడూ ఈ సేవలో చేరి ఉండాలి. ఏ ఒక్కటి చేరకపోయినా పని జరగదు. ఫోన్‌లో ఇంటర్నెట్ ఉండాలి, బ్యాటరీ ఉండాలి. కెమెరా లేని మీటల ఫోన్‌తో యూపీఐ చెల్లింపులు చేయవచ్చు గానీ ఈ క్యూఆర్ స్కాన్ చేయలేరు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు వెళ్లి తీసుకునేలా పట్నం నుంచి కొడుకు నగదు ఏర్పాటు చేయడానికీ ఇది సరిపోదు, ఎందుకంటే యంత్రం ముందు నిలబడ్డవారి చేతిలోనే ఫోన్ ఉండాలి. ఆ అవసరానికి కొన్ని బ్యాంకులు ఇచ్చే పాత తరహా సంఖ్య పద్ధతే నయం.

డబ్బు కట్ అయి, నోట్లు రాకపోతే

పిన్ కొట్టాక సిగ్నల్ పడిపోవడం, ఆమోదం ఏటీఎంకు సమయానికి చేరకపోవడం వంటి కారణాలతో ఖాతాలో డబ్బు కట్ అయి, నోట్లు రాకపోవచ్చు. అప్పుడు వెంటనే మరో కోడ్ స్కాన్ చేయకుండా ముందు యాప్‌లో లావాదేవీ స్థితి, బ్యాంకు ఎస్ఎంఎస్ చూడాలి. ‘Pending’ అని ఉంటే ఫలితం ఇంకా తేలలేదని అర్థం. డబ్బు కట్ అయినట్లు ఉంటే యాప్‌లోని 12 అంకెల లావాదేవీ సంఖ్యను, ఏటీఎం గుర్తింపు సంఖ్యను, సమయాన్ని రాసి పెట్టుకోవాలి.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నిబంధన ఇక్కడా వర్తిస్తుంది. లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. ఫిర్యాదు చేయాల్సింది ఏటీఎం ఎవరిదో ఆ బ్యాంకుకు కాదు, ఖాతా ఉన్న బ్యాంకుకు. అక్కడ 30 రోజుల్లో పరిష్కారం దొరకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా రాసుకోవచ్చు.

కార్డు మోసాలు తప్పినా, క్యూఆర్ మోసాలకు ఇక్కడా చోటుంది. యంత్రం మీద, గోడ మీద అతికించిన కాగితపు క్యూఆర్‌ను ఎప్పుడూ స్కాన్ చేయకూడదు. అసలైన కోడ్, మొత్తం ఎంచుకున్నాకే తెరపై వస్తుంది. దాన్ని స్కాన్ చేస్తే మొత్తం ముందే నిండి ఉంటుంది. అతికించిన కోడ్ అయితే ఎంత పంపాలో యాప్ మనల్నే అడుగుతుంది, గ్రహీతగా ఎవరో వ్యక్తి పేరు చూపవచ్చు. ఈ తేడా కనిపించగానే పిన్ కొట్టకుండా వెనక్కి రావాలి. సాయం చేస్తామంటూ వచ్చినవారి చేతికి ఫోన్ ఇవ్వకూడదు. స్కాన్ అయ్యాక నోట్లు తీసుకునే దాకా యంత్రం ముందు నుంచి కదలకూడదు. పిన్ కొట్టింది ఎవరైనా, నోట్లు చేతికందేది ఆ క్షణంలో అక్కడ నిలబడ్డవారికే.