పోయే వాసన, నిలిచే వాసన

మైపాడు తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. కిటికీలు తెరిస్తే చల్లదనంతో పాటు ఉప్పు తడి, ఎండు చేపల వాసన కూడా గదిలోకి వస్తాయి. అలాంటి ఒక గది కోసం పోయిన వేసవిలో సుగంధ తైలాలు కలిపాను. ఈ పని నేర్పే పుస్తకాలన్నీ ఒకే పాఠంతో మొదలవుతాయి. తైలాలను టాప్, మిడిల్, బేస్ నోట్లుగా, అంటే పైవాసన, నడివాసన, అడుగువాసనగా విడదీసి మూడింటినీ తగుపాళ్లలో కలపమంటాయి. ఈ పాఠం మన తీరపు గదిలో ఎంతవరకు పనికొస్తుందన్నదే నా ప్రశ్న.

ముందు దానికి న్యాయం చేద్దాం. ఈ విభజనకు ఆధారం తైలం గాలిలో కలిసిపోయే వేగం. ఇంగ్లండుకు చెందిన పరిమళ నిపుణుడు విలియం పౌచర్ తైలాలను కాగితపు పట్టీల మీద వేసి, ఏది ఎంతకాలం నిలుస్తుందో వాసన చూస్తూ వాటికి 1 నుంచి 100 దాకా అంకెలు ఇచ్చాడు. 14 వరకు పైవాసనలు, 15 నుంచి 60 దాకా నడివాసనలు, ఆపైన ఉన్నవి అడుగువాసనలు. చందనం, పచౌలి వంటివి 100 దగ్గర కూర్చున్నాయి.

దీని వెనక ఉన్న కారణం సులువైనదే. నిమ్మతొక్కను వేళ్ల మధ్య నొక్కితే కళ్లలోకి చిమ్మే తుంపర ఉంటుంది కదా, అదే నిమ్మ తైలం. అందులో ఎక్కువ భాగం లిమోనీన్ అనే చిన్న అణువు, అది తేలిగ్గా ఎగిరిపోతుంది. వట్టివేరు తైలంలోని అణువులు పెద్దవి, బరువైనవి, మెల్లగా కదులుతాయి. ఎండాకాలంలో వట్టివేళ్ల తడికలు కట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఒకసారి కట్టిన తడిక మీద నెలల తరబడి రోజూ నీళ్లు చల్లుతారు. చల్లినప్పుడల్లా అదే వాసన మళ్లీ లేస్తుంది. కాబట్టి ఉత్త నిమ్మతో గదిని నింపాలనుకుంటే అది కాసేపటి ముచ్చటే. కింద నిలిచేది ఒకటి ఉండాలన్న సలహా సరైనదే.

చిక్కు కొలతల దగ్గర వస్తుంది. ఒక పుస్తకం పై, నడి, అడుగు వాసనలను 3:2:1 పాళ్లలో కలపమంటుంది. మరొకటి నూటికి 30, 50, 20 అంటుంది. నేను మొదటిదాన్ని నమ్మి నిమ్మ 6 చుక్కలు, నిమ్మగడ్డి 4, వట్టివేరు 2 కలిపాను. ఆ మిశ్రమంలో కొంత తీసి, మెరుగు పూయని మట్టి ప్రమిదలో వేసి అల్మరా మీద పెట్టాను. మొదటి పది నిమిషాలు నిమ్మ హాయిగా ఉంది. తర్వాత నిమ్మగడ్డి గది మొత్తాన్ని పట్టేసింది, నేల తుడిచే ద్రవం సీసా ఒలికినట్టు అనిపించింది. రాత్రికి తడి మట్టి, వేరు వాసన తప్ప ఇంకేమీ మిగల్లేదు. మూడు మెట్లూ ఉన్నాయి, పుస్తకం చెప్పిన వరుసలోనే వచ్చాయి. కానీ ఏ ఒక్క గడియలోనూ సమతూకం లేదు.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. నోట్ల విభజన ఒక తైలం ఎంతసేపు ఉంటుందో చెబుతుంది, ఎంత గట్టిగా కొడుతుందో చెప్పదు. ఆ రెండూ వేరు. నిమ్మగడ్డిలోని సిట్రాల్ కొద్దిపాటిగా ఉన్నా ముక్కుకు బాగా తెలుస్తుంది. అదీగాక నిమ్మగడ్డిని కొందరు పైవాసన అంటారు, కొందరు నడివాసన అంటారు. దాన్ని ఏ గూట్లో పెట్టినా నాలుగు చుక్కలు ఎక్కువే. చుక్క కూడా నమ్మదగ్గ కొలత కాదు. వట్టివేరు తైలం చిక్కగా సాగుతుంది, దాని చుక్కా నిమ్మ చుక్కా ఒక్క బరువు తూగవు. కచ్చితంగా కావాలంటే నగలు తూచే చిన్న త్రాసు మీద గ్రాముల్లో తూచుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. ఆ అంకెలు కాగితపు పట్టీ మీద పుట్టినవి. గదిలో వాసనను ఏ సాధనంతో వదులుతామన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. నీటి ఆవిరిలా పొగమంచు చిమ్మే అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్ తైలాలన్నిటినీ ఒకేసారి సన్నని తుంపరగా గాలిలోకి కొడుతుంది. అక్కడ మూడు మెట్లు దాదాపు ఒకటైపోతాయి. పైగా ఉప్పు తేమతో చెమ్మగిల్లే తీరపు గదికి అది మరింత తేమను చేరుస్తుంది. ప్రమిదలోనైతే మెట్లు విడివిడిగా తెలుస్తాయి, కానీ వేసవి వేడికీ కిటికీ గాలికీ పైమెట్టు త్వరగా కరిగిపోతుంది. బేస్ నోటు పైవాసనను పట్టి ఉంచుతుందన్న మాటలో కొంత నిజముంది. బరువైన తైలంలో కలిసినప్పుడు నిమ్మ కాస్త మెల్లగా ఎగురుతుంది. అయితే ఎదురుగాలి ఉన్న గదిలో ఆ కాస్త సరిపోదు.

రెండోసారి నిమ్మ 12 చుక్కలు, పామరోజా 5, నిమ్మగడ్డి ఒకటే, వట్టివేరు 2 తీసుకున్నాను. పామరోజా గులాబీని తలపించే గడ్డి తైలం, నిమ్మకూ వేరుకూ మధ్య వారధిలా ఉంటుంది. చిన్న గోధుమరంగు సీసాలో కలిపి వారం రోజులు కదపకుండా ఉంచితే తైలాల పదును తగ్గింది. ప్రమిదలో వేసే ముందు కాగితపు పట్టీ మీద పది నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు ఉదయం వాసన చూశాను. ప్రతిసారీ కాసేపు బయట తిరిగి వచ్చాకే చూడాలి, గదిలోనే కూర్చుంటే ముక్కు ఆ వాసనకు అలవాటుపడి ఏమీ చెప్పదు. ఈసారి గంట దగ్గర నిమ్మా పామరోజా కలిసి వినిపించాయి, వట్టివేరు కింద మెల్లగా ఉంది. కిటికీలు మూసినప్పుడు ప్రమిదలోనూ అంతే. తెరిస్తే మాత్రం పావుగంటలో నిమ్మ మళ్లీ మాయం.

అందుకే చివరికి సీసాను రెండు చేశాను. ఒక సీసాలో పామరోజా, వట్టివేరు. అవి ప్రమిదకు వారానికి ఒకసారి చాలు, మట్టి వాటిని తాగి మెల్లగా వదులుతుంది. రెండో సీసాలో నిమ్మ ఒక్కటే. మనుషులు గదిలో కూర్చునే వేళకు రెండు చుక్కలు అదే ప్రమిదలో వేస్తాను. నిమ్మ తైలాన్ని ఇలా విడిగా, కొద్దిగా కొనడం వల్ల మరో మేలుంది. గాలి తగిలిన నిమ్మ తైలం వేడికి త్వరగా చెడుతుంది. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన వస్తే అది పాడైందని గుర్తు. అలాంటిది చర్మానికి తగిలితే దద్దుర్లు రావచ్చు కాబట్టి పారేయాలి. చెడనిదాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లూ పసిపిల్లలూ పిల్లులూ ఉండే గదిలో ఏ తైలమూ మూసిన తలుపుల మధ్య వాడకూడదు.

కాబట్టి మూడు నోట్ల పద్ధతిని పారేయమని చెప్పను. ఏది ముందు పోతుందో, ఏది మిగులుతుందో అది సరిగ్గా చెబుతుంది. పాళ్లు ఎంతో మాత్రం చెప్పలేదు, అవి ముక్కూ త్రాసూ తేల్చాలి. గాలి ఆడే గదిలో మూడింటినీ ఒకే సీసాలో బంధించాలన్న పట్టుదలనూ వదులుకోవాలి. తడిక కట్టిన ఇళ్లలో జరిగేదీ అదే. వేరు సీజనంతా కిటికీకే ఉంటుంది, పూటపూటకూ కొత్తగా పడేది నీళ్లే.