మదింపు చూసి ఉద్యోగంలో చేరవచ్చా?

ఉద్యోగార్థుల్లోనూ, వారికి సలహా చెప్పే కళాశాలల ప్లేస్‌మెంట్ అధికారుల్లోనూ ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇటీవల భారీ పెట్టుబడి అందుకున్న కంపెనీ భద్రమైనదనీ, దాని మదింపు ఎంత పెద్దదైతే అక్కడి కొలువు అంత నిలకడైనదనీ వారు నమ్ముతారు. ఈ నమ్మకం పునాదిలోనే తప్పుంది. మదింపు అంటే, కొత్త పెట్టుబడిదారు కొన్న కొద్దిపాటి వాటాకు చెల్లించిన ధరను మొత్తం వాటాలకూ వర్తింపజేసి కట్టిన అంకె. 100 కోట్లు పెట్టి 5 శాతం వాటా కొంటే కంపెనీ విలువ 2,000 కోట్లని పత్రికలు రాస్తాయి గాని, జీతాలకు పనికివచ్చే సొమ్ముగా బ్యాంకులో చేరేది ఆ 100 కోట్లే. అమ్మినవాడు పాత వాటాదారు అయితే అదీ కంపెనీకి రాదు.

బైజూస్ ఉదంతం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. 2022లో ఆ సంస్థ మదింపు 22 బిలియన్ డాలర్లకు చేరింది. ఆ సమయానికి, 2021 మార్చితో ముగిసిన సంవత్సరపు లెక్కలు ఇంకా వెలువడలేదు. సంవత్సరం ముగిసిన ఏడాదిన్నరకు, 2022 సెప్టెంబరులో అవి బయటపడినప్పుడు నష్టం 4,588 కోట్ల రూపాయలని తేలింది. మరుసటి నెలలోనే సుమారు 2,500 మందిని తొలగించనున్నట్లు సంస్థ ప్రకటించింది. తరువాతి ఏడాది లెక్కలూ ఆలస్యమవడంతో 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ వైదొలగింది, ముగ్గురు డైరెక్టర్లు బోర్డును వీడారు. 2024 ఆరంభానికి జీతాలు ఆలస్యమయ్యాయి, జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. నష్టం ఎంతో తెలియకముందే, లెక్కలు రాలేదన్న సంగతి ఎవరికైనా తెలిసే అవకాశం ఉండేది. మదింపు వార్తల హోరులో దానిని పట్టించుకున్న ఉద్యోగార్థులు తక్కువ.

భారతీయ కంపెనీ సాధారణంగా ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లో వార్షిక సర్వసభ్య సమావేశం జరిపి, ఆపై 30 రోజుల్లో లెక్కలను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. అంటే మార్చి లెక్కలు అక్టోబరు చివరికి అక్కడ ఉండాలి. ప్రైవేటు కంపెనీ అయినా సరే, కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయల రుసుముతో ఆ పత్రాలను ఎవరైనా చూడవచ్చు. బ్యాలెన్స్ షీటు చదవడం అకౌంటెంట్ల పని అనే ఆక్షేపణ ఇక్కడ నిలవదు, ఎందుకంటే ఉద్యోగార్థికి కావలసినవి రెండే అంశాలు: చేతిలో ఉన్న నగదు ఎంత, వ్యాపార నిర్వహణలో ఏటా హరించుకుపోయే నగదు ఎంత. రెండవది సాధారణంగా నగదు ప్రవాహ పట్టికలో ‘నిర్వహణ కార్యకలాపాలు’ అన్న శీర్షిక కింద ఉంటుంది.

ఊహాత్మకమైన ఒక కంపెనీని తీసుకుంటే, మార్చి 31 నాటికి దాని నగదు, డిపాజిట్లు కలిపి 90 కోట్లు, నిర్వహణలో ఏటా పోయే నగదు 72 కోట్లు, అంటే నెలకు 6 కోట్లు. పైపై లెక్కకు 15 నెలల ఊపిరి ఉన్నట్లే. అయితే 90 కోట్లలో 18 కోట్ల డిపాజిట్లను బ్యాంకుకు తాకట్టు పెట్టినట్లు అనుబంధ వివరణల్లో ఉంటే, వాడుకోదగినది 72 కోట్లే, ఊపిరి 12 నెలలే. అభ్యర్థి ఈ లెక్కలు చూసేది నవంబరు చివర, అప్పటికి 8 నెలలు గడిచిపోయాయి. పాత ఉద్యోగంలో 90 రోజుల నోటీసు గడువు ముగించి చేరేసరికి మిగిలేది ఒక్క నెల. మధ్యలో కొత్త పెట్టుబడి వచ్చిందన్న మాట నిజమే కావచ్చు, కాని వస్తే షేర్ల కేటాయింపు పత్రం రిజిస్ట్రార్ వద్ద దాఖలు కావాలి. పత్రం లేని ప్రకటన హామీ మాత్రమే. పైగా యాజమాన్యం నగదు పూర్తిగా అయిపోయేదాకా ఆగదు, తొలగింపులు అంతకు ముందే మొదలవుతాయి.

వార్షిక లెక్కలు పాతబడతాయన్నది న్యాయమైన విమర్శే. ఆ లోపాన్ని కొంత పూడ్చేది భవిష్యనిధి సంస్థ పోర్టల్‌లోని సంస్థల అన్వేషణ విభాగం. అక్కడ కంపెనీ పేరుతో వెతికితే ఏ నెల జీతానికి ఎంతమంది తరఫున ఎంత చందా ఏ తేదీన జమ అయిందో కనిపిస్తుంది. మరుసటి నెల 15లోగా కట్టవలసిన చందా వరుసగా ఆలస్యమవుతున్నా, సభ్యుల సంఖ్య నెలనెలా కుంగుతున్నా, ఆ కంపెనీ నియామక ప్రకటనలను అనుమానించక తప్పదు. పొరుగు సేవల సంస్థల ద్వారా పనిచేసేవారు మాత్రం ఈ లెక్కలోకి రారు.

ఇంతా చూసినా తేలేది కంపెనీ నిలుస్తుందా అన్నదే గాని, ఫలానా కొలువు నిలుస్తుందా అన్నది కాదు. 2025 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో 12 వేల కోట్ల రూపాయలకు పైగా లాభం గడించిన టీసీఎస్, జులైలో తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించనున్నట్లు తెలిపింది. ఇక్కడ బ్యాలెన్స్ షీటు మౌనం వహిస్తుంది; ఖాళీ కొత్తగా ఏర్పడినదా, వెళ్ళిపోయినవారి స్థానమా, ఆ బృందం జీతాలకు ఆధారమైన క్లయింటు ఒప్పందం ఎప్పటిదాకా ఉంది అన్న ప్రశ్నలను ఇంటర్వ్యూలో కాబోయే మేనేజరునే అడగాలి, మానవ వనరుల విభాగాన్ని కాదు.