రెండో బ్రాంచా, ఫ్రాంచైజీనా? అక్క సెలూన్ లెక్క

మా పెద్దమ్మ కూతురికి కూకట్‌పల్లిలో సెలూన్ ఉంది. ఆరు కుర్చీలు, తొమ్మిది మంది స్టాఫ్. జీఎస్టీ తీసేస్తే నెలకి సుమారు రూ.6 లక్షల సేల్స్. ఈమధ్య ఒకాయన వచ్చి, ‘మీ పేరు ఇవ్వండి మేడమ్, కొంపల్లిలో నేను పెడతా. ఫీజు 5 లక్షలు, సేల్స్‌లో నెలకి 6 శాతం రాయల్టీ’ అన్నాడు. బావేమో ‘పరాయివాళ్లకెందుకు? మనమే రెండో బ్రాంచ్ పెడదాం’ అంటాడు. ‘నువ్వు లెక్కలు చూసి చెప్పరా’ అని అక్క నాకు అప్పగించింది.

ముందు బ్రాంచ్ సంగతి చూద్దాం. ఇంటీరియర్, కుర్చీలు, ఏసీలు, అడ్వాన్స్ కలిపి రూ.25 లక్షలు కావాలి. నెలకి 5 లక్షల సేల్స్ వస్తాయనుకుందాం. అద్దె 90 వేలు, జీతాలూ ఇన్సెంటివ్‌లూ 2 లక్షల 10 వేలు, ప్రొడక్ట్స్ 50 వేలు, కరెంటూ మిగతావీ 50 వేలు. ఇంకా లక్ష మిగులుతుంది. కానీ అక్క రెండు చోట్లా ఉండలేదు కదా! మేనేజర్‌కి 35 వేలు తీసేస్తే 65 వేలే. అంటే పెట్టుబడి వెనక్కి రావడానికి మూడేళ్లు దాటుతుంది.

ఫ్రాంచైజీ అయితే అక్క పెట్టుబడి దాదాపు లేదు. అదే 5 లక్షల సేల్స్ మీద నెలకి 30 వేలు చేతికొస్తాయి. వినడానికి ఇదే బాగుంది. అయితే అవతలివాడి వైపు నుంచి కూడా లెక్క వేయాలి.

రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సర్వీసుల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే ఆయన కట్టే ఆ 18 శాతం తిరిగి రాదు. 30 వేల రాయల్టీ ఆయనకి 35,400 పడుతుంది. సేల్స్ 5 లక్షలుంటే తట్టుకుంటాడు. 4 లక్షలకి పడితే? ప్రొడక్ట్స్, ఇన్సెంటివ్‌లు కొంచెం తగ్గినా ఖర్చు 3 లక్షల 80 వేలు దాకా ఉంటుంది. మిగిలేది 20 వేలు, కట్టాల్సింది 28,320. ఆయన జేబులోంచి పోతుంటే అక్కకి మాత్రం 24 వేలు వస్తూనే ఉంటాయి. ఎందుకంటే రాయల్టీ సేల్స్ మీద, లాభం మీద కాదు.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. నష్టపోతున్న ఫ్రాంచైజీ ఓనర్ బయట చవక కలర్ ట్యూబులు కొంటాడు, లేదా క్యాష్ బిల్లులు సిస్టమ్‌లో ఎక్కించడు. కనిపెట్టడం కష్టమేం కాదు. బిల్లయిన హెయిర్ కలర్లు ఎన్ని, మన దగ్గర కొన్న ట్యూబులు ఎన్ని అని ప్రతి నెలా పక్కపక్కన పెట్టి చూడాలి. కలర్లు తగ్గకుండా ట్యూబులు తగ్గాయంటే బయటి సరుకు. ట్యూబులు తగ్గకుండా కలర్లు తగ్గాయంటే దాచిన బిల్లులు. అయితే పోల్చాలంటే ఒక్కో కలర్‌కి ఎన్ని గ్రాములు వాడాలో ముందే రాసి ఉండాలి. అక్క దగ్గర అలా రాసింది ఏదీ లేదు, అంతా ఆమె చేతి అంచనానే.

అందుకే బుకింగ్ యాప్‌లోంచి ఆర్నెల్ల డేటా తీసి, ఎవరి పేరు మీద ఎంత సేల్స్ వచ్చిందో చూశా. 40 శాతం అక్క పేరు మీదే ఉంది. ‘అక్క ఉంటేనే వస్తాం’ అనే కస్టమర్లు వీళ్లు. మా ఆఫీసులో ‘నా మెషీన్‌లో వర్క్ అవుతోందిగా’ అంటాం చూడండి, ఇదీ అంతే. సెలూన్ అక్క చేతుల్లో నడుస్తోంది, పేరు మీద కాదు. కొంపల్లి ఆయన 5 లక్షలిచ్చి కొనేది పేరు. అక్క చేతులు అక్కడికి వెళ్లవు.

బ్రాంచ్‌కీ ఇదే చిక్కు. అక్క కొత్త చోటికి వెళ్తే పాత షాపులో ఆ 2 లక్షల 40 వేల సేల్స్‌కి ఎసరు. అయితే తేడా ఒకటుంది. సొంత బ్రాంచ్‌లో తప్పు జరిగితే మన డబ్బు పోతుంది, రేపే పద్ధతి మార్చుకోవచ్చు. ఫ్రాంచైజీలో అయితే వేరేవాళ్ల 30 లక్షలు, చేతిలో సంతకం పెట్టిన అగ్రిమెంట్. మార్చడం అంత తేలిక కాదు.

అక్కకి నేను చెప్పింది ఇదీ. కొంపల్లి ఆయనకి ఇప్పుడు వద్దని చెప్పు. పేరుని ట్రేడ్‌మార్క్‌లో సెలూన్ సర్వీసులుండే 44వ క్లాసులో వెంటనే అప్లై చెయ్, వ్యక్తిగా ఆన్‌లైన్‌లో ఫీజు 4,500. ప్రతి సర్వీసుకీ గ్రాములు, నిమిషాలు రాసిపెట్టు. నీ 40 శాతాన్ని 20కి దించి, ఆ తర్వాతే రెండో బ్రాంచ్ మేనేజర్ చేతికివ్వు. నువ్వు వారానికి ఒక్కసారే వెళ్లి, ఏడాది పాటు అది లాభంలో ఉంటే, అప్పుడు నీ దగ్గర అమ్మడానికి ఒక ఫ్రాంచైజీ ఉన్నట్టు.

బావ వెంటనే సరే అన్నాడు. అక్క మాత్రం, ‘నా కస్టమర్లని వేరేవాళ్లకి ఇచ్చేయమంటావా?’ అని అడిగింది. అవునక్కా, అన్నిటికంటే కష్టం అదే.