విడాకుల తరువాత బిడ్డ ఇంటిపేరు: మార్చవలసినది ఏది?

మాదాపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కొండాపూరులో నివసించే ఒక సోదరి ఈ మధ్య ఒక ఫైలు పట్టుకొని మా వద్దకు వచ్చింది. రెండేళ్ళ క్రితం ఆమె ఖులా పొందింది. నాలుగవ తరగతి చదువుతున్న కూతురు ఆమె వద్దనే పెరుగుతున్నది. పాఠశాల రిజిస్టరులోను, ఆస్పత్రి రికార్డులోను బిడ్డ పేరు చివర ఉన్న మాజీ భర్త ఇంటిపేరును తొలగించి తన పుట్టింటి పేరు చేర్పించాలని ఆమె కోరిక. "ప్రతి ఫారంలో ఆ పేరు చూసినప్పుడల్లా ఇంకా కోర్టు వరండాలోనే నిలబడి ఉన్నట్లుంటుంది, చాచా" అన్నది.

ఆమె బాధ మాకు అర్థమైంది. అయినా ఆమె కోరినట్లు చేయవద్దనే సలహా ఇచ్చాము. ఇటువంటి ఫైళ్ళు మా వద్దకు తరచుగా వస్తున్నందున మా కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

ఆమె మా వద్దకు రాకముందే ఒక పని చేసింది. తాను ఎప్పుడూ వెళ్ళే ఆస్పత్రికే చెందిన మరొక శాఖలో బిడ్డను కొత్త ఇంటిపేరుతో, కొత్త రోగిగా నమోదు చేయించింది. పాత నంబరు కింద ఆ బిడ్డ టీకాల వివరాలు, మూడేళ్ళ వయసులో ఒక యాంటీబయాటిక్ పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచిన సంగతి నమోదై ఉన్నాయి. కొత్త నంబరు కింద ఏమీ లేదు. జ్వరానికి వెళ్ళిన రోజున డాక్టరు అదే మందు రాయబోగా, ఆ తల్లికి సమయానికి గుర్తుకు రావడం వల్ల గండం తప్పింది. ఆ రోజు బిడ్డను అమ్మమ్మ తీసుకువెళ్ళి ఉంటే ఎవరు చెప్పేవారు?

మేము మొదట చేయించినది ఈ రెండు నంబర్లను ఒకటి చేయించడమే. ఆస్పత్రి రికార్డుల విభాగానికి ఒక అర్జీ, జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్ళు ఇచ్చి, కొత్త నంబరును పాతదానిలో కలపమని కోరాము. పేరు ఎప్పుడు మారినా, న్యాయంగా మారినా సరే, రోగి నంబరు మాత్రం మారకూడదు. కొత్త పేరును పాత నంబరు మీదనే సవరించమనాలి. పని పూర్తయినదని నోటిమాటగా చెబితే నమ్మవద్దు. పాత టీకాల పట్టిక, మందు పడని సంగతి తెర మీద కనబడుతున్నాయేమో ఎదురుగా చూసుకొని రావాలి.

ఇక అసలు ప్రశ్న. పాఠశాల, ఆధార్, ఆస్పత్రి అన్నీ జనన ధ్రువపత్రం మీద ఆధారపడి ఉంటాయి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకైతే పుట్టిన తేదీకి అదొక్కటే రుజువు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు సవరించగలిగేది తప్పుగా గానీ మోసంతో గానీ చేరిన వివరాన్ని మాత్రమే. అదీ మూల నమోదును చెరపకుండా, పక్కన అంచులో రాసి సంతకం చేయాలి. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన తండ్రి పేరు తప్పు కాదు గదా! కనుక అక్కడ అర్జీ నిలవదు. మూలం మారకుండా పాఠశాలలో మార్పిస్తే, ఆధార్‌కూ రిజిస్టరుకూ పొంతన ఉండదు. విద్యార్థి గుర్తింపు సంఖ్య అపార్ కోసం పేర్లు సరిపోల్చినప్పుడు మొదటి చిక్కు, పదవ తరగతి నామినల్ రోల్స్ పంపేటప్పుడు రెండవ చిక్కు వస్తాయి. ఆధార్‌లోనే మార్పిద్దామంటారా? అక్కడ పేరు మార్పుకు జీవితకాలంలో రెండు అవకాశాలే. నాలుగవ తరగతి బిడ్డకు ఒకటి ఖర్చు చేయడం తెలివైన పని కాదు.

మన వర్గంలో ఈ చిక్కు మరింత ముదరడానికి ఒక పాత కారణం ఉన్నది. తెలుగు ఫారాలలో 'ఇంటిపేరు' అని ఒక గడి ఉంటుంది. మనలో చాలామందికి ఆ అర్థంలో ఇంటిపేరే లేదు. కౌంటరు దగ్గరి గుమాస్తా షేక్ అనో, సయ్యద్ అనో, ఎండీ అనో తోచినది రాస్తాడు. మేమూ ఒకప్పుడు అటువంటి గుమాస్తాలమే, ఆ పాపంలో మాకూ వాటా ఉన్నది. అందువల్ల ఒకే బిడ్డ ఒకచోట 'ఎండీ', మరొకచోట 'మహమ్మద్' అయి ఉంటుంది. దానిమీద విడాకుల మార్పు కూడా చేరితే మూడు పేర్ల బిడ్డ తయారవుతుంది.

సుప్రీంకోర్టు తల్లికి ఇంటిపేరు మార్చే హక్కు ఇచ్చిందని ఆ సోదరి చెప్పింది. ఆమె చెప్పినది మన తెలుగు నేల మీద పుట్టిన కేసే, ఆకెళ్ళ లలిత కేసు. భర్త చనిపోయేనాటికి ఆమె బిడ్డ నెలల పసికందు. ఆమె పునర్వివాహం చేసుకొని బిడ్డకు కొత్త కుటుంబపు ఇంటిపేరు పెట్టుకున్నది. నానమ్మ తాతయ్యలు కోర్టుకెక్కారు. పాత ఇంటిపేరు తిరిగి పెట్టాలని, రికార్డులలో రెండవ భర్తను సవతి తండ్రిగా చూపాలని 2014లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. సవతి తండ్రి అని రాయించడం బిడ్డ మనసు పట్ల దాదాపు క్రూరత్వమేనన్నది. మంచి తీర్పు. కానీ అక్కడ తండ్రి మరణించాడు, తల్లి ఒక్కతే సహజ సంరక్షకురాలు. పైగా అది హిందూ చట్టాల వెలుగులో వచ్చిన తీర్పు. బ్రతికి ఉన్న తండ్రి విషయంలో దానిని చూపి పాఠశాలను ఒప్పించలేము. మన వ్యక్తిగత చట్టంలో తల్లికి ఉండేది హిజానత్, అంటే బిడ్డను పెంచే హక్కు. వలీ తండ్రే.

అందుకే మేము పేరును వదిలి, ఆ సోదరికి నిజంగా కావలసినవాటి మీద దృష్టి పెట్టాము. సంరక్షకుల చట్టం, 1890 కింద ఫ్యామిలీ కోర్టులో తనను బిడ్డకు సంరక్షకురాలిగా నియమించమని ఆమె పిటిషను వేసింది. ఈలోగా పాఠశాలలో మొదటి సంప్రదింపు నంబరు, ఫీజు రసీదు, సాయంత్రం బిడ్డను అప్పగించవలసినవారి జాబితా, ఆస్పత్రిలో అత్యవసర సంప్రదింపు, ఇవన్నీ ఆమె పేరిట మార్పించాము. వీటికి జనన ధ్రువపత్రం కదలనక్కరలేదు. ఖులా పత్రం నకలు, ఒక లేఖ సరిపోయాయి. తండ్రి సంతకం లేనిదే ఏదీ కుదరదని పాఠశాల మొదట మొండికేసింది. ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసి ఇవ్వమన్నాము. రాసి ఇవ్వలేదు, పని మాత్రం అయింది.

దత్తత సంగతి వేరు. అక్క బిడ్డను పెంచుకొని, నోటరీ చేసిన స్టాంపు కాగితం చూపి, రికార్డులలో తమనే తల్లిదండ్రులుగా రాయించుకునేవారు మనలో ఉన్నారు. ఆ కాగితం చట్టం దృష్టిలో దత్తత కాదు. సూరా అహ్‌జాబ్ కూడా పెంపుడు బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవమంటున్నది. ఈ నియమం ప్రకారం నడవదలచినవారికి కఫాలా మార్గం ఉన్నది. కోర్టు ద్వారా సంరక్షకులుగా నియమితులై, ఆ గడిలోనే తమ పేరు రాయించుకొని, తండ్రి గడిని కన్నతండ్రికే వదలాలి. సంపూర్ణ దత్తతే కావాలనుకునేవారిని మతం కారణంగా చట్టం అడ్డుకోదని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బంధువుల బిడ్డనైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద తీసుకోవచ్చు. హైటెక్ సిటీ వారికి ఆ ఉత్తర్వు ఇవ్వవలసినది రంగారెడ్డి జిల్లా కలెక్టరు. 2022 సెప్టెంబరు నుండి ఆ అధికారం కోర్టుల నుండి కలెక్టర్లకు వచ్చింది. ఆ ఉత్తర్వు మీద పెంచినవారి పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. ముందు అది, తరువాత ఆధార్, ఆ తరువాతే పాఠశాల, ఆస్పత్రి. ఈ వరుస తప్పితే ప్రతిచోటా రెండుసార్లు తిరగవలసి వస్తుంది.

కొండాపూరు బిడ్డ పేరు ఇప్పటికి అలాగే ఉన్నది. పెద్దయ్యాక తానే మార్చుకుంటానంటే అఫిడవిట్టు, గెజిట్ ప్రకటన ద్వారా మార్చుకోవచ్చు. "అప్పటికి దానికి ఏ పేరు ఇష్టమో చూద్దాంలే" అని ఆ తల్లి ఫైలు మూసుకొని వెళ్ళింది. సంరక్షకత్వం పిటిషను వచ్చే నెల వాయిదాకు ఉన్నది.