దీనస్వరం, ధిక్కార దృక్పథం: ‘గబ్బిలం’ వ్యాఖ్యల్లో ఒక గందరగోళం

సందర్భసహిత వ్యాఖ్యల్లో ‘విశేషం’ అన్న శీర్షిక కింద విద్యార్థులు తరచుగా రాసే వాక్యం ఒకటుంది: ఈ పద్యంలో కవి ఆవేదన కరుణరసాత్మకంగా వ్యక్తమైంది. వినడానికి నిర్దోషంగా ఉన్న ఈ వాక్యం మూడు వేర్వేరు విషయాలను ఒకే ముద్ద చేస్తున్నది. వక్త తన శ్రోతతో ఏ తీరున మాట్లాడుతున్నాడన్నది స్వరం. పద్యం పాఠకుని చుట్టూ అల్లే భావవాతావరణం మనఃస్థితి. చెబుతున్న విషయం పట్ల వక్త లేదా కవి నిలిచిన చోటు దృక్పథం. మూడూ ఒకే దిశలో సాగే పద్యాల్లో ఈ కలగాపులగం బయటపడదు. గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) వంటి కావ్యంలో మాత్రం అది కావ్యార్థాన్నే తారుమారు చేస్తుంది.

జాషువ పుట్టిన వినుకొండ నూజెండ్లకు పొరుగు. అక్కడి విద్యార్థికి ఆయన తమ ప్రాంతపు మనిషి. ఆయన పడిన అవమానాల కథలు పాఠం కంటే ముందే చెవిన పడి ఉంటాయి. ఆ చనువే చిక్కు తెచ్చిపెడుతున్నది. పద్యం తెరవకముందే ‘కవి బాధ’ సిద్ధంగా ఉంటుంది, వ్యాఖ్య దాన్ని పద్యం మీద అంటిస్తుంది.

కావ్యంలోని ప్రసిద్ధ ఘట్టాన్నే పరిశీలించవచ్చు. ఆలయప్రవేశం లేని మనిషి తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. ఇక్కడ స్వరం మెత్తనిది. సంబోధనలోని ఆప్యాయత, ప్రార్థనార్థక క్రియలు, ఒక తోటిజీవితో గుట్టు పంచుకునే తీరు దానికి సాక్ష్యం. మనఃస్థితిని కట్టేవి వేరు: రాత్రి, గుడిసె, ఒంటరితనం, అశుభమని జనం తరిమే ప్రాణి. దృక్పథం ఈ రెండింటిలోనూ దొరకదు. అది ఆ ఏర్పాటులోనే ఉంది. అపశకునపు జీవికి గర్భగుడి కప్పు కింద చోటుంది, మనిషికి లేదు. దేవునికీ భక్తునికీ నడుమ ఉన్నవాడు పక్కకు తప్పుకుంటే తప్ప మొర చేరదు. ఇది దీనత కాదు, అభియోగం. చాతుర్వర్ణ్యాన్ని నాలుగు పడగల సర్పంగా చూపిన రూపకం ఆ అభియోగానికి పేరు కూడా పెట్టింది. ‘కవి దీనంగా ప్రార్థించాడు’ అని రాసిన విద్యార్థి స్వరాన్ని సరిగానే విన్నాడు; దాన్నే దృక్పథమని రాసి, నేరారోపణను జాలికథగా మార్చాడు.

ఒక చిన్న పరీక్ష ఈ తేడాను పట్టిస్తుంది. అదే విషయాన్ని గబ్బిలంతో కాక నేరుగా పూజారితో, గద్దింపుగా చెప్పించినట్టు ఊహించాలి. స్వరం మారుతుంది, మనఃస్థితీ మారుతుంది, దృక్పథం చెక్కుచెదరదు. ‘మేఘసందేశం’తో పోలిస్తే దీనికి ఎదురు దిశ కనిపిస్తుంది. యక్షుడు మేఘాన్ని వేడుకునే స్వరం ఈ స్వరానికి దగ్గరిదే, కాని తనను శపించిన ప్రభువు వ్యవస్థను అతడు ప్రశ్నించడు.

రసవిచారం ఉండగా ఈ పాశ్చాత్య విభజన దేనికన్న ఆక్షేపణ ఆచార్యుల నుంచే వస్తుంది. ఐ.ఎ. రిచర్డ్స్ 1929లో కేంబ్రిడ్జి విద్యార్థుల వ్యాఖ్యలను పరిశీలిస్తూ, విషయం పట్ల భావాన్నీ శ్రోత పట్ల స్వరాన్నీ విడదీసిన మాట నిజం. కాని రసం సహృదయుని అనుభవానికి పేరు. వక్త శ్రోతతో పెట్టుకున్న సంబంధాన్ని అది వర్ణించదు. ఆ పని మన ఆలంకారికులు వేరే చోట చేశారు. వ్యంగ్యార్థం స్ఫురించడానికి తోడ్పడే వాటిని చెబుతూ మమ్మటుడు వక్తను, బోద్ధవ్యుని, కాకువును విడివిడిగా పేర్కొన్నాడు. బోద్ధవ్యుడు వినేవాడు, కాకువు కంఠంలోని మార్పు. టోన్ అన్న మాటకు ‘ధ్వని’ని వాడే అలవాటు ఇందుకే అనర్థదాయకం. ఆనందవర్ధనుని తర్వాత ఆ మాటకు మరో బరువు పడింది, విద్యార్థి రెండు అర్థాల నడుమ నలిగిపోతున్నాడు. కాకువు దానికంటే చాలా దగ్గరి మాట. వాడకపోవడానికి బద్ధకం తప్ప కారణం కనిపించదు.

దృక్పథాన్ని ఒక్క మాటలో తేల్చేయడం కూడా తొందరపాటే. ‘ధిక్కారం’ అని రాసేస్తే సగమే చెప్పినట్టు. గబ్బిలాన్ని పంపే మనిషి వర్ణవ్యవస్థను నిందిస్తున్నాడు, కాని శివుడు వింటాడన్న ఆశను వదులుకోలేదు. ఆ ఆశ వక్తదా, కవిదా, లేక దూతకావ్యపు చట్రం కోరినదా అన్న ప్రశ్న దగ్గరే విమర్శకుల మధ్య నిజమైన వాదానికి చోటుంది. ‘కరుణరసం’ అని రాసి కలం మూసిన వ్యాఖ్య ఆ ప్రశ్న దాకా రానే రాదు.